పత్తి కాయతొలుచు పురుగుల సమగ్ర యాజమాన్యం: దేవరకొండ ప్రాంతం

పత్తి మొగ్గలను, పూలను, కాయలను తొలిచి తినే పురుగులను పంట, ఊరు, ప్రకృతి అనే మూడు వైపుల నుంచి అదుపులో పెట్టే పద్ధతి. పురుగు కనిపించగానే మందు కొట్టడం కాకుండా, దాన్ని లెక్కపెట్టి, ఆ లెక్క ఒక గీత దాటినప్పుడే మందు వాడడం ఇందులో ప్రధాన సూత్రం. ఆ గీతను ఆర్థిక నష్ట పరిమితి అంటారు. లెక్కకు లింగాకర్షక బుట్టలు తోడ్పడతాయి. లెక్క గీత దాటకుండా చూసే పని చేలోనే ఉండే మిత్ర పురుగులది. నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట, డిండి, కొండమల్లేపల్లి మండలాల్లోనూ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతాల్లోనూ వానాధారపు ఎర్ర చల్కల్లో ఆముదం, జొన్న తగ్గి పత్తి పెరిగింది. ఈ నేలల్లో దిగుబడి తక్కువ, పెట్టుబడికి ఉన్న వెసులుబాటు అంతకన్నా తక్కువ. అందువల్ల అనవసరంగా కొట్టే ఒక్క మందు కూడా ఇక్కడి రైతుకు బరువే.

ఏ పురుగు?

పత్తి కాయను తొలిచేవి ముఖ్యంగా మూడు: శనగపచ్చ పురుగు, మచ్చల పురుగు, గులాబీ రంగు పురుగు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులను అప్పుల్లోకి, ఆత్మహత్యల్లోకి నెట్టిన పంట నష్టంలో శనగపచ్చ పురుగుకూ లద్దె పురుగుకూ పెద్ద భాగముంది. మందు మీద మందు కొట్టినా చావని స్థితికి అవి అప్పటికే చేరాయి. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. 2006లో రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది. దాంతో శనగపచ్చ పురుగు పత్తిలో బాగా తగ్గింది. ఇప్పటికీ కంది, శనగ, టమాటాల మీద దాని పెత్తనం సాగుతూనే ఉంది గానీ బీటీ పత్తిలో అరుదుగానే గీత దాటుతుంది. ఒక మొక్కకు ఒక గుడ్డు లేదా ఒక చిన్న పురుగు సగటున కనిపించడం దాని పరిమితి. ఆకుల మీద, మొగ్గల మీద బయటే తిరుగుతుంది కాబట్టి పక్షులకు, సాలీళ్లకు, వైరస్ ద్రావణానికి సులువుగా దొరుకుతుంది. ఎన్‌పీవీ వైరస్ సోకిన పురుగు కొమ్మ చివరికి పాకి, తలకిందులుగా వేలాడి, నల్లబడి కారిపోతుంది. అలాంటివి నాలుగు కనిపించాయంటే చేలో వైరస్ పనిచేస్తున్నట్టే.

నేటి సమస్య గులాబీ రంగు పురుగు. దీన్ని శాస్త్ర ప్రపంచానికి మొదట పరిచయం చేసినది మన దేశపు పత్తే. గుజరాత్‌లోని బరూచ్ ప్రాంతం నుంచి వెళ్లిన నమూనాల ఆధారంగా సాండర్స్ 1843లో దీన్ని వర్ణించాడు. బీటీకి ఇది లొంగకపోవడం కూడా గుజరాత్‌లోనే మొదట బయటపడింది. అమ్రేలీ జిల్లాలో 2008-09 నాటికే మొదటి బోల్‌గార్డ్‌కు తట్టుకునే పురుగులు కనిపించాయి. 2014, 2015 నాటికి బోల్‌గార్డ్-2 చేలల్లోనూ కాయలు తొలచడం మొదలై, తర్వాతి రెండు మూడేళ్లలో మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు పాకింది.

ఇంత త్వరగా ఎందుకు లొంగకుండా పోయిందో తెలిస్తే యాజమాన్యం సగం అర్థమైనట్టే. ఈ పురుగుకు పత్తి తప్ప వేరే ముఖ్యమైన ఆహారం లేదు. కాబట్టి బీటీ విషం తగలని పురుగులు పక్క పంటల్లో బతికి, తట్టుకునే పురుగులతో జతకట్టే అవకాశం తక్కువ. ఆ అవకాశం కోసమే గింజల ప్యాకెట్‌తో పాటు బీటీ లేని 120 గ్రాముల విత్తనం ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ వేసినవాళ్లు చాలా తక్కువ. రెండో కారణం మన హైబ్రిడ్ విత్తనంలో ఉంది. చెట్టు మొత్తం బీటీదే అయినా, దాని కాయలోని గింజలు తర్వాతి తరానివి. రెండు జన్యువులూ తల్లి చెట్టులో ఒక్కొక్క ప్రతిగా ఉన్నప్పుడు పదహారు గింజల్లో తొమ్మిదింటిలో రెండు విషాలూ, ఆరింటిలో ఒకటే, ఒకదానిలో ఏదీ లేకుండా వస్తాయి. గులాబీ పురుగు తినేది గింజలనే. ఒకే కాయలో ఒక గింజ నుంచి ఇంకో గింజకు పోతూ అది తట్టుకోవడం నేర్చుకునే అవకాశం అలా దొరికింది. మూడోది పంట కాలం. ఆరు నెలలకు మించి చేలో నిలిచే పత్తి పురుగుకు ఒకటి రెండు తరాలు అదనంగా కట్టబెడుతుంది. పెద్ద అడిసర్లపల్లి మండలంలోని అక్కంపల్లి జలాశయం, డిండి ప్రాజెక్టు, బోర్లు ఉన్న చోట్ల ఫిబ్రవరి, మార్చి వరకూ రెండో కాపు కోసం చెట్లను ఉంచుకునే అలవాటుంది. ఊరికంతటికీ పురుగును మోసే చేలు ఇవే.

దాగి బతికే పురుగు

తల్లి రెక్కల పురుగు బూడిద గోధుమ రంగులో, అంగుళంలో సగానికన్నా చిన్నగా ఉంటుంది. రాత్రిళ్లే తిరుగుతుంది. మొగ్గల మీద, పూల మీద, కాయ అడుగున ఉండే పత్రాల సందుల్లో గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజులకు గుడ్డు పగిలి, పుట్టిన తెల్లని చిన్న పురుగు ఒక రోజు తిరగక ముందే మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. అది దూరిన రంధ్రం కాయ పెరిగే కొద్దీ పూడుకుపోతుంది. బయటి నుంచి చూస్తే కాయ నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది. లోపల రెండు మూడు వారాలు గింజలు తిని, ముదిరాక గులాబీ రంగుకు తిరిగి, గుండ్రని రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది.

దీని యాజమాన్యమంతా ఈ కొద్ది రోజుల చుట్టూ తిరుగుతుంది. గుడ్డు, కొత్తగా పుట్టిన పురుగు బయట ఉన్నప్పుడే ఏదైనా చేయగలం. కాయలోకి దూరాక మందు చేరదు, అల్లిక రెక్కల పురుగు చేరదు, పక్షి చేరదు. ఎకరాకు పది పక్షి స్థావరాలు పాతమనే సలహా శనగపచ్చ పురుగుకు బాగా నప్పుతుంది, గులాబీ పురుగుకు దాదాపు పనికిరాదు. రెండింటికీ ఒకే సలహా రాసే కరపత్రాలను చూస్తే నాకు బాధనిపిస్తుంది. రైతు కష్టపడి కొమ్మలు పాతి, ఫలితం లేదని మొత్తం పద్ధతినే వదిలేస్తాడు.

పూతలో దూరిన పురుగును మాత్రం కంటితో గుర్తుపట్టవచ్చు. అది రేకుల అంచులను దారంతో కుట్టేస్తుంది. పువ్వు విచ్చుకోక, ముడుచుకుని గులాబీ మొగ్గలా నిలుస్తుంది. రైతులు దీన్ని గుడ్డి పువ్వు అంటారు. విప్పి చూస్తే పుప్పొడి తింటున్న పురుగు లోపలే ఉంటుంది. పొద్దున్నే చేలో తిరుగుతూ గుడ్డి పూలను తెంపి, నలిపేయడం లేదా కాల్చడం మొదటి తరాన్ని తగ్గించే పని. పూత మొదలైన తొలి మూడు నాలుగు వారాల్లో దీనికి విలువ ఎక్కువ. పూత జోరు మీదున్నప్పుడు ఎకరంలో అన్ని పూలను వెతకడం కూలి ఖర్చుకు తట్టుకోదు.

మూడు గీతలు

గులాబీ పురుగుకు పరిమితిని మూడు చోట్ల చూస్తారు. బుట్టలో ఒక్కోదానికి రాత్రికి ఎనిమిది మగ రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడడం ఒకటి. నూరు పూలలో పది గుడ్డి పూలు రెండోది. ఎకరంలో అక్కడక్కడ ఇరవై చెట్ల నుంచి తెంపిన ఇరవై పచ్చి కాయల్లో రెండింటిలో పురుగు ఉండడం మూడోది. కాయలు రెండు, మూడు వారాల వయసువి, వేళ్లతో నొక్కితే కాస్త మెత్తగా ఉండేవి తీసుకోవాలి. పగలగొట్టి, పురుగే కాకుండా లోపలి గోడ మీద చిన్న మొటిమలాంటి బుడిపె ఉన్నా, పొరలో రంధ్రం ఉన్నా దెబ్బతిన్నట్టే లెక్క వేయాలి.

పది శాతం అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని రైతులు అడుగుతారు. మన అంకెలతోనే లెక్క కట్టి చూద్దాం. మందు, కూలి కలిసి ఎకరాకు ఒక పిచికారీకి 800 రూపాయలు అనుకుందాం. పత్తి క్వింటాలు 7,500 అనుకుంటే, కిలో 75 రూపాయలు. 800 రూపాయలు దాదాపు 11 కిలోల పత్తి విలువ. ఏ మందూ నష్టాన్నంతా ఆపదు. సగం ఆపుతుందని అనుకుంటే, ఎకరంలో కనీసం 21 కిలోల నష్టం వచ్చేలా ఉన్నప్పుడే ఆ పిచికారీ గిట్టుబాటు. ఇక చేను వైపు చూడండి. 90 సెంటీమీటర్ల సాలు, 45 సెంటీమీటర్ల ఎడంతో ఎకరాకు సుమారు పది వేల చెట్లు, చెట్టుకు ఇరవై కాయలు, కాయకు నాలుగు గ్రాములు. మొత్తం రెండు లక్షల కాయలు, ఎనిమిది క్వింటాళ్లు. పది శాతం అంటే 20,000 కాయలు. పురుగు ఒక్కో కాయలో నాలుగింట ఒక గదిని పాడు చేసిందంటే కాయకు గ్రాము చొప్పున 20 కిలోలు పోతాయి. గీత ఎక్కడ పడిందో చూడండి.

ఈ లెక్కలోనే దేవరకొండ చల్కలకు సంబంధించిన విషయం ఒకటి బయటపడుతుంది. వాన సరిగ్గా పడక ఐదు క్వింటాళ్లే వచ్చే చేలో అదే 21 కిలోలు పంటలో నాలుగు శాతం పైమాటే. అంటే కాయల్లో 17 శాతం దాకా దెబ్బతింటే గానీ మందు ఖర్చు తిరిగిరాదు. పల్చని పంటకు పరిమితి పెరుగుతుంది. పత్తి ధర పెరిగినా, మందు ఖర్చు తగ్గినా పరిమితి తగ్గుతుంది. అయితే ఇది ఒక తరం నష్టాన్ని మాత్రమే చూసే లెక్క. మిగిలిన పురుగులు నెల తిరక్కుండా మరో తరంగా మారతాయి. రంగు మారిన పత్తికి ధర కూడా పడిపోతుంది. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుంటే సెప్టెంబర్, అక్టోబర్‌లో పది శాతాన్నే పాటించడం, చివరి ఏరుడు దగ్గరపడ్డాక పరిమితిని కొంత సడలించుకోవడం సబబు.

ఇరవై కాయల లెక్కకు ఉన్న బలహీనతా తెలియాలి. నిజంగా పది శాతం దెబ్బతిన్న చేలో కూడా పది సార్లు చూస్తే దాదాపు నాలుగు సార్లు ఒకటో, సున్నానో మాత్రమే కనిపిస్తుంది. ఐదు శాతమే ఉన్న చేలో నాలుగింట ఒకసారి రెండు కనిపించి భయపెడుతుంది. నలభై కాయలు చూసి నాలుగును గీతగా పెట్టుకుంటే ఈ రెండో పొరపాటు సుమారు ఏడింట ఒకసారికి తగ్గుతుంది. కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు చెప్పకుండా వారం వారం చూడాలి. చేను అంచుల్లోనే కాదు, నడిమధ్యకు కూడా పోవాలి.

బుట్ట

ఆడ రెక్కల పురుగు జతకోసం వదిలే వాసనను ప్రయోగశాలలో తయారు చేసి, చిన్న రబ్బరు గొట్టానికి పట్టించి బుట్టలో పెడతారు. గులాబీ పురుగు వాసన పేరు గాసీప్లూర్, 1973లో దీన్ని గుర్తించారు. శనగపచ్చ పురుగుకు వేరే ఎర, వేరే వాసన. దుకాణంలో ఎర కొనేటప్పుడు ఏ పురుగుదో చూసి తీసుకోకపోతే బుట్ట ఖాళీగా ఉంటుంది. చేలో పురుగు లేదని రైతు పొరబడతాడు. రెండు రకాల ఎరలను ఒకే చేత్తో వరసగా పట్టుకున్నా, బీడీ కాల్చిన చేత్తో ముట్టుకున్నా వాసన కలగలుస్తుంది. విప్పని ఎరలను చల్లగా దాచాలి.

విత్తిన 45 రోజులకు, అంటే మొగ్గ తొడిగే వేళకు, ఎకరాకు నాలుగు బుట్టలు పెడితే నిఘాకు సరిపోతుంది. పురుగును బాగా పట్టి తగ్గించాలంటే ఎనిమిది, పది కావాలి. చెట్టు కొనకు ఒక అడుగు పైన ఉండేలా కర్రకు కట్టి, చెట్టు పెరిగే కొద్దీ బుట్టనూ పైకి జరపాలి. ఆగస్టులో ఆకుల్లో మునిగిపోయిన బుట్టకు పురుగులు సరిగా పడవు. మూడు, నాలుగు వారాలకోసారి ఎర మార్చాలి. పాత ఎరను చేలోనే పారేస్తే అది వాసన వదులుతూనే ఉండి బుట్టతో పోటీ పడుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఎకరంలో నాలుగు బుట్టలు. మొదటి రాత్రి 6, 9, 7, 4 పడ్డాయి. సగటు ఆరున్నర, పరిమితి దాటలేదు. రెండో రాత్రి 11, 8, 9, 7. మూడో రాత్రి 10, 9, 8, 9. నాలుగో రాత్రి 12, 8, 10, 7. ఈ మూడు రాత్రుల సగటు ఎనిమిది దాటింది. అదే పొద్దున నూరు పూలు చూస్తే ఆరు గుడ్డి పూలు, ఇరవై కాయల్లో ఒకదానిలో పురుగు. రెక్కల పురుగులు వచ్చాయి, గుడ్లు పడుతున్నాయి, కాయలో నష్టం ఇప్పుడే మొదలవుతున్నదన్నమాట. ఘాటు మందుకన్నా గుడ్డు దశ మీద పనిచేసే వేప గింజల కషాయానికి, ట్రైకోగ్రామాకు ఇదే సరైన సమయం. ఐదు కిలోల వేప గింజల పప్పు పొడిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వడగట్టి, నూరు లీటర్లకు కలిపి, కాస్త సబ్బు నురగ చేర్చి సాయంత్రం కొట్టాలి. నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ కాయలు పగలగొట్టి చూడాలి. ఇరవైకి రెండు లేదా అంతకు మించి ఉంటే అప్పుడు సిఫారసు చేసిన రసాయనం. ఉదాహరణకు లీటరు నీటికి రెండు మిల్లీలీటర్ల ప్రొఫెనోఫాస్, చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ కట్టుకుని. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్‌లో నిండుగా పెరిగిన చెట్ల మధ్య మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. చెట్టు మనిషి ఎత్తు దాటిన చేలో ఎదురు గాలికి కొట్టకూడదన్నది ప్రాణానికి సంబంధించిన మాట.

బుట్టకు ఒక పరిధి ఉంది. అది మగవాటినే పట్టుకుంటుంది. పక్క చేలో జతకట్టిన ఆడది ఎగిరొచ్చి గుడ్లు పెడితే మన బుట్టలు ఏమీ చేయలేవు. అందుకే ఒక్క ఎకరంలో పెట్టిన బుట్టలు లెక్కకే ఉపయోగపడతాయి, అదుపుకు ఊరంతా కలవాలి. అదే వాసనను పేస్టుగా, తాళ్లుగా చేను నిండా పెట్టి మగవాటిని దారితప్పించే పద్ధతి ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నది. అదీ పెద్ద విస్తీర్ణంలో ఒకేసారి చేస్తేనే ఫలిస్తుంది. అమెరికాలో బీటీ పత్తి, ఈ వాసన తాళ్లు, గొడ్డు రెక్కల పురుగులను వదలడం, కాలానికి కట్టెలు దున్నేయడం కలిపి చేసి 2018లో ఈ పురుగును పత్తి ప్రాంతాల నుంచి తుడిచిపెట్టామని ప్రకటించారు.

మిత్ర పురుగులు

ట్రైకోగ్రామా మిల్లీమీటరు కన్నా చిన్న కందిరీగ జాతి పురుగు. పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. లోపలిది నల్లబడి, పురుగుకు బదులు కందిరీగ బయటికి వస్తుంది. దీన్ని బియ్యపు రెక్కల పురుగు గుడ్ల మీద పెంచి కార్డుల మీద అతికించి ఇస్తారు. ఎకరాకు 60,000 గుడ్లు, అంటే 20,000 గుడ్లుండే కార్డులు మూడు. వాటిని చిన్న ముక్కలుగా కత్తిరించి, సాయంత్రం ఆకు అడుగున గుచ్చి, వారానికోసారి మూడు, నాలుగు సార్లు వదలాలి. ఎండలో పెడితే ఎండిపోతాయి, చీమలు పడితే తెల్లారేసరికి ఖాళీ కార్డు మిగులుతుంది. శనగపచ్చ పురుగు గుడ్లకు ట్రైకోగ్రామా ఖిలోనిస్ సరిపోతుంది. పత్రాల సందుల్లో దాగిన గులాబీ పురుగు గుడ్లకు ట్రైకోగ్రామటాయిడియా బాక్ట్రే మెరుగు, కానీ ఊళ్లలో అది దొరకడం కష్టం. కార్డు వదిలిన వారంలో ఘాటు మందు కొడితే డబ్బు నీళ్లలో పోసినట్టే.

కార్డుల కన్నా చేలో ఊరికే వచ్చే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లను కాపాడుకోవడమే చౌక. వీటిని చంపేది కాయతొలుచు పురుగు మందు కాదు, అంతకు ముందే జులై, ఆగస్టులో పచ్చదోమకు, పేనుబంకకు కొట్టే మందు. అందుకని మొదటి రెండు నెలల్లో చేనంతా పిచికారీ చేయకుండా, ఒక వంతు ఇమిడాక్లోప్రిడ్‌ను 20 వంతుల నీటిలో కలిపి, లేత కాండానికి బ్రష్‌తో పూస్తారు. రసం పీల్చే పురుగు చస్తుంది, ఆకు మీద తిరిగే మిత్ర పురుగు మిగులుతుంది. చల్కల్లో మొదటి 60 రోజుల్లో చేయగలిగిన పనుల్లో దీనికి మించినది నాకు కనిపించలేదు. సాళ్ల మధ్య అలసందలు, పెసలు వేస్తే వాటి పేనుబంక మీద అక్షింతల పురుగులు ముందే పెరిగి పత్తికి వస్తాయి. చుట్టూ రెండు, మూడు సాళ్ల జొన్న లేదా మక్కజొన్న అదే పని చేస్తుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లను సీజను మొదట్లో ముట్టుకోకూడదు. అవి మిత్ర పురుగులను తుడిచిపెట్టి తెల్లదోమను పెంచుతాయి.

పంట తీసేశాక

చలి మొదలై పగలు తగ్గేసరికి గులాబీ పురుగు నిద్రలోకి పోతుంది. రెండు గింజలను దారంతో అతికించి వాటి మధ్య ముడుచుకుంటుంది. ఈ జంట గింజలు జిన్నింగ్ మిల్లుకు, ఎండిన కాయలు పత్తికట్టె మోపులతో ఇంటి దగ్గరికి చేరతాయి. వంటచెరకు కోసం చేను గట్టున వానాకాలం దాకా నిలవ చేసిన కట్టె తొలకరి తర్వాత వచ్చే రెక్కల పురుగులకు పుట్టిల్లు. డిసెంబర్ చివరికల్లా, ఆలస్యమైతే జనవరిలో, చేను ఖాళీ చేయాలి. ఏరాక మిగిలిన కాయలను గొర్రెలు, మేకలతో మేపించాలి. కట్టెను ముక్కలు చేసే యంత్రంతో నేలలో కలపాలి. వంటకు తప్పదంటే వేసవిలోనే వాడేయాలి. మిల్లుల ఆవరణలో నవంబర్ నుంచి ఎర బుట్టలు పెట్టి, పాడైన గింజను వెంటనే నూనె మిల్లుకు పంపాలి. దేవరకొండ చుట్టుపక్కల పత్తి కొన్ని కొనుగోలు కేంద్రాలకు, మిల్లులకే చేరుతుంది కాబట్టి, ఆ నాలుగు గోడల మధ్య చేసే పని ఎన్నో ఊళ్ల చేలకు మేలు చేస్తుంది. జూన్, జులై నడుమ వానలు నేలను బాగా తడిపాక అందరూ దగ్గర దగ్గరగా విత్తితే ముందుగా నిద్రలేచిన రెక్కల పురుగులకు గుడ్లు పెట్టే పూత దొరకదు. నీళ్లున్న బోరు కింద మే నెలలోనే విత్తిన ఒక్క చేను ఉన్నా, ఆ మొదటి తరం అక్కడే పెరిగి ఆగస్టులో మిగతా చేలకు ఎగురుతుంది.